లాజిస్టిక్ పెరుగుదల: K లో సగానికి చేరడానికి 7.8 గంటలా, 6.5 గంటలా?

సుమ (మారతహళ్లి)

అందరికీ నమస్కారం. ఇక్కడే బెంగళూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. మా మేడం ఈస్ట్ పెరుగుదల లెక్క ఒకటి ఇచ్చారు. 1913లో కార్ల్‌సన్ కొలిచిన అంకెలట, చాలా పుస్తకాల్లో ఇవే కనిపిస్తాయి. గంట గంటకీ ఈస్ట్ పరిమాణం ఇలా ఉంది:

```
గంట    0    1     2     3     4     5      6      7      8
P     9.6  18.3  29.0  47.2  71.1  119.1  174.6  257.3  350.7

గంట    9      10     11     12     13     14     15     16     17     18
P     441.0  513.3  559.7  594.8  629.4  640.8  651.1  655.9  659.6  661.8
```

ఈస్ట్ చివరికి పెరగగల గరిష్ఠ పరిమాణం K = 665 అని తీసుకోమన్నారు. గంటకి పెరుగుదల రేటు r విలువ మనమే తేల్చుకోవాలి. K లో సగం, అంటే 332.5 కి చేరడానికి ఎంతసేపు పడుతుందో సూత్రం పెట్టి చెప్పమన్నారు. నేను క్లాసు నోట్సులో ఉన్న r = 0.54 తీసుకుంటే 7.8 గంటలు వచ్చింది. మా పీజీలో నా రూమ్మేట్‌కి 6.5 వచ్చింది. తనూ లెక్క బాగా చేసే అమ్మాయే, ఎక్కడా తప్పు పోయినట్టు కనిపించడం లేదు. రేపు సబ్మిషన్, కొంచెం టెన్షన్‌గా ఉంది. ఎవరిది కరెక్టు?

కిరణ్ (ఎలక్ట్రానిక్ సిటీ)

మీ రూమ్మేట్‌దే కరెక్టు సుమ గారూ. ఇది చాలా సింపుల్. పెరుగుదల రేటు 0.54 అయితే 9.6 నుంచి 332.5 కి ఎన్ని రెట్లు పెరగాలి? 34.6 రెట్లు. దాని లాగరిథం 3.54, దాన్ని 0.54 తో భాగిస్తే 6.56 గంటలు. K అనేది పైన ఉండే గోడ. ఆ గోడ దగ్గరికి వచ్చాకే దాని ప్రభావం తెలుస్తుంది. సగం దాకా మామూలు ఎక్స్‌పొనెన్షియల్ పెరుగుదలే కదా, అక్కడ K తో పనేముంది?

పద్మజ (జయనగర్)

కిరణ్ బాబూ, మొదట్లో, అంటే ఈస్ట్ చాలా తక్కువగా ఉన్నప్పుడు నువ్వన్నది నిజమే. కానీ సగం దాకా అదే లెక్క నడుస్తుందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. లాజిస్టిక్‌లో అడ్డు K దగ్గర మొదలవదు, మొదటి గంట నుంచే ఉంటుంది. సమీకరణం చూడు:

```
dP/dt = r P (1 - P/K)
```

P అనేది K లో పావు వంతు ఉన్నప్పుడే ఒక్కో కణం పెరిగే వేగం నాలుగో వంతు తగ్గిపోతుంది. సగం దగ్గరికి వచ్చేసరికి r లో సగమే మిగులుతుంది. అంత తగ్గుదలను లెక్కలోంచి తీసేస్తే జవాబు తొందరగా వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు సుమా, నీకు చెప్తాను. దీన్ని పార్షియల్ ఫ్రాక్షన్లతో ఇంటిగ్రేట్ చేయమని అందరూ చెప్తారు. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను మాత్రం పిల్లలకు ఇంకో దారి చూపించేదాన్ని. P ని వదిలెయ్యి. నిండినదానికీ ఇంకా ఖాళీగా ఉన్నదానికీ నిష్పత్తి చూడు:

```
y = P / (K - P)
```

దీన్ని ఒకసారి డిఫరెన్షియేట్ చేసి, dP/dt స్థానంలో పై సమీకరణం పెట్టు. అడ్డుగా ఉన్నవన్నీ కొట్టుకుపోయి dy/dt = r y అని మిగులుతుంది. అంటే P ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరగకపోయినా, y మాత్రం మొదటి నుంచి చివరి దాకా అచ్చమైన ఎక్స్‌పొనెన్షియలే. కిరణ్ వాడిన పద్ధతి y కి వాడితే అక్షరాలా సరిపోతుంది.

సగం దగ్గర నిండినదీ ఖాళీగా ఉన్నదీ సమానం, కాబట్టి అక్కడ y = 1. మొదట్లో ఉన్న ఈస్ట్ P0 = 9.6, కాబట్టి అప్పుడు y = 9.6 / 655.4, అంటే 68.27 లో ఒక వంతు. అది ఒకటి కావాలంటే 68.27 రెట్లు పెరగాలి.

```
t = (1/r) ln( (K - P0) / P0 )
  = ln(68.27) / 0.54
  = 4.2235 / 0.54
  = 7.82 గంటలు
```

ఇంతకంటే పని లేదు. ఇప్పుడు నీ పట్టికలోకి వెళ్లి చూడు. ఏడో గంటకి 257.3, ఎనిమిదో గంటకి 350.7. ఈ రెంటి మధ్య 332.5 ఎక్కడ పడుతుందో గీత గీసినట్టు లెక్కిస్తే 7.8 గంటలు వస్తుంది. సూత్రమూ కొలతా ఒక్క మాట మీద ఉన్నాయి.

కిరణ్ (ఎలక్ట్రానిక్ సిటీ)

మేడం, y మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ 6.56 గంటల దగ్గర అసలు ఈస్ట్ ఎంత ఉంటుందంటారు? తేడా మరీ అంత ఎక్కువా?

పద్మజ (జయనగర్)

అదే y తో చూద్దాం. 6.56 గంటలకి y = 0.506. అక్కడి నుంచి P తీస్తే సుమారు 223. పట్టికలో ఆరో గంటకి 174.6, ఏడో గంటకి 257.3 కాబట్టి ఆరున్నర దాటాక దాదాపు 221 ఉండాలి. అంటే నువ్వు సగం నిండిందనుకున్న క్షణానికి నిజంగా నిండింది మూడో వంతే.

ఇంకో సంగతి కూడా చూడు, నాకు ఈ మోడల్‌లో ఎక్కువ ఇష్టమైనది ఇదే. అడ్డే లేకుండా 9.6 నుంచి 0.54 రేటుతో పెరుగుతూ పోతే 7.82 గంటలకి ఎంతవుతుంది? 9.6 ని 68.27 తో గుణించు. 655.4 వస్తుంది. అది సరిగ్గా K - P0. అంటే అడ్డులేని పెరుగుదల దాదాపు K ని ముట్టుకునే సమయానికి లాజిస్టిక్ సగానికి వస్తుంది. మొదట్లో ఈస్ట్ తక్కువగా ఉంటే నీ లెక్క ఎప్పుడూ సుమారు ఒక రెట్టింపు సమయం తక్కువ చూపిస్తుంది. ఇక్కడ రెట్టింపు కావడానికి 0.693 / 0.54, అంటే 1.28 గంటలు పడుతుంది. నీ 6.56 కి అది కలిపి చూడు, 7.84 వస్తుంది.

వెంకట్ (కేఆర్ పురం)

మంచి టాపిక్. నాదో ప్రశ్న. మన బెంగళూరు జనాభా కూడా ఇదే ఫార్ములాలో పెట్టి, సగానికి ఏ సంవత్సరంలో వచ్చామో, మొత్తం ఎంతకి ఆగుతుందో చెప్పొచ్చా? 2001 జనాభా లెక్కల్లో బెంగళూరు జిల్లా 65.37 లక్షలు, 2011లో 96.21 లక్షలు. ఈ రెండు అంకెలు సరిపోవా? ఇక్కడ ఇల్లు కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

పద్మజ (జయనగర్)

సరిపోవు వెంకట్ గారూ. సూత్రంలో K, r, P0 మూడూ తెలియాలి. రెండు అంకెల నుంచి మూడు తెలియనివాటిని తేల్చలేం. సరే, 1991 కూడా తీసుకుందాం, అప్పుడు 48.39 లక్షలు. మొదటి పదేళ్లలో 35 శాతం పెరిగితే తర్వాతి పదేళ్లలో 47 శాతం పెరిగింది. లాజిస్టిక్‌లో శాతం ఎప్పుడూ తగ్గుతూనే రావాలి. ఇక్కడ పెరిగింది కాబట్టి ఈ మూడు అంకెలకు సరిపోయే K అసలు దొరకదు. జనం బయటి నుంచి వచ్చి చేరుతున్న ఊరికి ఇది పెట్టుకోకూడదు. ఉద్యోగాలు, నీళ్లు, రోడ్లు మారే కొద్దీ K కూడా కదులుతూ పోతుంది.

దేశాలకి కూడా ఇలా చేసి చూశారు. పెర్ల్, రీడ్ అనే ఇద్దరు 1920లో అమెరికా జనాభాకి ఈ వక్రరేఖ అమర్చారు. వాళ్ల లెక్కలో K సుమారు 19.7 కోట్లు, సగానికి వచ్చింది 1914 ప్రాంతంలో. అప్పటి వరకూ ఉన్న జనగణనలకి అది చక్కగా అతికింది. 2020లో అమెరికా జనాభా 33 కోట్లు దాటింది. గతానికి బాగా అతికిందంటే K సరైనదే అని కాదు.

గంగాధర్ (హోసకోట)

అమ్మా, నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, అయినా ఇదంతా చదువుతుంటే నా అజోల్లా తొట్టి సంగతే అనిపిస్తోంది. నాటుకోళ్లకి మేత కోసం మిద్దె మీద తొట్టిలో అజోల్లా పెంచుతున్నాను. 200 గ్రాములు వేసి మొదలుపెట్టాను. మొదట్లో అయిదు రోజులకి రెట్టింపు అవుతుంది. తొట్టి నిండా కప్పేస్తే నాలుగు కిలోలు తూగుతుంది, ఆపైన పెరగదు. సగం నిండాక రోజూ 200 గ్రాములు తీసి కోళ్లకి వేస్తున్నాను. మూడు వారాలకల్లా తొట్టి ఖాళీ అయిపోతోంది. పేడ వేస్తున్నాను, సూపర్ ఫాస్ఫేట్ వేస్తున్నాను, ఎండ ఎక్కువ తగలకుండా గ్రీన్ నెట్ కట్టాను. ఆకు ఎర్రబడటం లేదు, పచ్చగానే ఉంది. రోగం ఏమైనా అంటారా?

పద్మజ (జయనగర్)

గంగాధర్ గారూ, మీరు ఇచ్చిన అంకెలు ఎంత బాగున్నాయంటే ఇప్పుడే కాగితం మీద వేసి చూశాను.

అయిదు రోజులకి రెట్టింపు అంటే r = 0.693 / 5, రోజుకి 0.139. ఖాళీ 3800, నిండింది 200, నిష్పత్తి 19. దాని లాగరిథం 2.944, దాన్ని 0.139 తో భాగిస్తే 21 రోజులు. మీ తొట్టి సగం నిండడానికి మూడు వారాలు పట్టి ఉండాలి, అవునా?

రోగం కాదనుకుంటున్నాను, మీరు తీసేదే ఎక్కువ. లాజిస్టిక్‌లో పెరుగుదల అన్నిటికంటే జోరుగా ఉండేది సరిగ్గా సగం దగ్గర. అక్కడ రోజుకి కొత్తగా వచ్చేది rK/4. మీ తొట్టికి అది 0.139 × 4000 / 4, అంటే 139 గ్రాములు. అంతకు మించి ఆ తొట్టి ఏ రోజూ ఇవ్వలేదు. మీరు 200 తీస్తున్నారు. మొదటి రోజే 61 గ్రాములు తగ్గింది. సగం కంటే కిందికి దిగిన కొద్దీ కొత్తగా వచ్చేది కూడా తగ్గుతుంది కాబట్టి పడిపోవడం రోజురోజుకీ వేగం అందుకుంటుంది. మీరు చెప్పిన మూడు వారాలు లెక్కకి సరిపోతున్నాయి.

గంగాధర్ (హోసకోట)

అవునమ్మా, సగానికి రావడానికి మూడు వారాలే పట్టింది. మరి రోజూ ఎంత తియ్యమంటారు? 139 తీస్తే సరిపోతుందా?

పద్మజ (జయనగర్)

139 మాత్రం తియ్యకండి. అది కత్తి అంచు మీద నిలబడ్డట్టే. ఒక్క రోజు మబ్బు పట్టి పెరుగుదల తగ్గినా తొట్టి సగం కిందికి జారుతుంది, ఆపైన తనంతట తాను కోలుకోదు. రోజుకి 100 గ్రాములు తీసుకోండి. అప్పుడు తొట్టిలో అజోల్లా మూడు కిలోల దగ్గర నిలకడగా ఉంటుంది. కాస్త తగ్గినా మళ్లీ అక్కడికే వస్తుంది. కానీ ఎప్పుడైనా 940 గ్రాముల కంటే కిందికి పోతే 100 తీయడం కూడా ఎక్కువే అవుతుంది. అప్పుడు తీయడం పూర్తిగా ఆపేసి మళ్లీ పెరగనివ్వాలి.

ఇంకా మంచి పద్ధతి, రోజూ ఒకే తూకం కాకుండా ఉన్నదాంట్లో ఒక వంతు తీసుకోవడం. తొట్టిలో పదిహేనో వంతో ఇరవయ్యో వంతో తీస్తే, తగ్గినప్పుడు మీరు తీసేదీ తానే తగ్గుతుంది.

గంగాధర్ (హోసకోట)

రోజూ తొట్టి మొత్తం తూచలేను కదమ్మా, తడి బరువు మోసం చేస్తుంది. తొట్టి వెడల్పుని ఇరవై భాగాలు అనుకుని రోజూ ఒక భాగంలోది తీసేస్తే?

పద్మజ (జయనగర్)

అదే సరైన దారి. అంతటా ఒకే మందంగా పరుచుకుని ఉండాలి, అంతే. తీశాక చేత్తో కదిపి సర్దండి.

ల్యాబ్ రవి (బొమ్మసంద్ర)

ఫెర్మెంటేషన్ ల్యాబ్‌లో పని చేస్తాను. ఈస్ట్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే సుమ గారి రూమ్మేట్‌కి 6.5 ఎలా వచ్చిందో కిరణ్ గారు ఊహించారు తప్ప ఎవరూ అడగలేదు. అదే అంకె ఇంకో దారిలో కూడా వస్తుంది.

పట్టికలో మొదటి రెండు కొలతలే తీసుకుని r లెక్కిస్తే ln(18.3 / 9.6) = 0.645. పద్మజ మేడం చెప్పిన సరైన సూత్రంలోనే ఈ r పెట్టండి. 4.2235 / 0.645 = 6.55 గంటలు. సూత్రం తప్పు కాదు, r తప్పు. రెండు దారులూ ఒకే అంకెకి రావడం కేవలం కాకతాళీయం.

గంట గంటకీ ఇలాగే r తీసి చూడండి. మొదటి గంట 0.645, తర్వాత 0.460, 0.487, 0.410, 0.516. ఇంత ఊగుతుంది. అందులో 0.410 పట్టుకుంటే సగానికి 10.3 గంటలు పడుతుందని వస్తుంది. సగం సమయం r కి తిన్నగా లొంగి ఉంటుంది, r పది శాతం తప్పితే జవాబూ దాదాపు పది శాతం తప్పుతుంది. K విషయంలో అలా కాదు. 665 బదులు 700 పెట్టినా 7.82 కాస్తా 7.92 అవుతుంది, అంతే. K ఏకంగా రెట్టింపు అనుకున్నా ఒక రెట్టింపు సమయం మాత్రమే పెరుగుతుంది. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు K కోసం గంటలు గంటలు కష్టపడి r ని రెండు రీడింగుల్లో తేల్చేస్తారు, నాకు బాధగా ఉంటుంది.

సుమ (మారతహళ్లి)

రవి అన్నా, ఇప్పుడే తనని అడిగాను. మీరు చెప్పిందే! సూత్రం ఇదే వాడింది, r మాత్రం మొదటి రెండు కొలతల నుంచి తీసింది. మరి 0.54 ఎక్కడి నుంచి వస్తుంది? నోట్సులో ఉందని రాస్తే మేడం ఒప్పుకోరు.

ల్యాబ్ రవి (బొమ్మసంద్ర)

మేడం చెప్పిన y నే వాడమ్మా. ప్రతి గంటకీ ln(P / (K - P)) లెక్కించి గ్రాఫు గీయి. లాజిస్టిక్ సరిగ్గా కుదిరితే అది సరళరేఖ అవుతుంది, దాని వాలే r. కొన్ని చుక్కలు నేను వేసి పెడుతున్నా:

```
t = 0    -4.22
t = 4    -2.12
t = 8     0.11
t = 12    2.14
t = 16    4.28
```

0 నుంచి 16 దాకా వాలు 8.50 / 16 = 0.531. 0 నుంచి 8 దాకా మాత్రమే తీసుకుంటే 0.542. రేఖ సున్నాని ఎక్కడ దాటుతుందో అదే సగం సమయం, దానికి వేరే సూత్రం కూడా అక్కర్లేదు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య, ఎనిమిదికి దగ్గరగా దాటుతుంది. మొత్తం చుక్కలన్నీ వేసి స్కేలు పెట్టి గీయి, రెండు చివరల్లో ఉన్న చుక్కల్ని మరీ నమ్మకు. P అనేది K కి దగ్గరైనప్పుడు K - P చాలా చిన్నది, కొలతలో ఇసుమంత తేడా వచ్చినా చుక్క ఎగిరిపోతుంది. చివరి కొలత 661.8 కి K 665 బదులు 663 పెట్టి చూడు, చుక్క ఎంత జరుగుతుందో తెలుస్తుంది.

మన రోజుల్లో ఇంకో చిక్కుంది. మేము స్పెక్ట్రోఫోటోమీటర్లో ఓడీ, అంటే ద్రావణం కాంతిని ఎంత అడ్డుకుంటుందో చూస్తాం. ద్రావణం చిక్కబడ్డాక ఓడీ నిజంగా ఉన్న కణాల కంటే తక్కువ చూపిస్తుంది. పల్చన చేసి కొలవకపోతే K తక్కువగా పడుతుంది, 'సగం' అనుకున్నది అసలు సగం కాకుండా పోతుంది. చివరి భాగం మరీ బల్లపరుపుగా, అనుకున్నదానికంటే ముందే చదునైపోతే ముందు దాన్నే అనుమానించండి.

కిరణ్ (ఎలక్ట్రానిక్ సిటీ)

ఇది నాకు కొత్త. మరి మొదటి గంటలో 0.645 ఎందుకు వచ్చింది రవి గారూ? లాజిస్టిక్ ప్రకారం మొదటి గంటలో కూడా r కంటే ఎక్కువ రాకూడదు కదా?

ల్యాబ్ రవి (బొమ్మసంద్ర)

రాకూడదు. మొదటి కొలత 9.6 అనేది చాలా చిన్నది, అందులో ఒకటి అటూ ఇటూ అయినా r మారిపోతుంది. అసలు విలువ 10.6 అనుకోండి, 0.546 వస్తుంది. నా ఉద్దేశంలో అది కొలత తేడాయే.

పద్మజ (జయనగర్)

అలా ఉండొచ్చు రవీ, కానీ అప్పుడు P0 కూడా 10.6 అయి సగం సమయం కూడా కాస్త తగ్గుతుంది, రెండూ కలిపి చూడాలి. ln(654.4 / 10.6) = 4.12, 0.54 తో భాగిస్తే 7.63. కొలతలు చూపించే 7.8 కి ఇది కొంచెం దూరమే. ఒక్క మొదటి చుక్కనే తప్పుబట్టడం నాకు నచ్చడం లేదు.

ల్యాబ్ రవి (బొమ్మసంద్ర)

r ని 0.53 తీసుకుంటే 7.78 వస్తుంది మేడం, మళ్లీ దగ్గరికొచ్చేస్తుంది. అందుకే అన్ని చుక్కల మీదా ఒకేసారి రేఖ అమర్చాలంటున్నాను. ఆ మొదటి గంట సంగతి ఆ పట్టిక ఒక్కటే చూసి తేల్చలేం, అదే ప్రయోగం మళ్లీ చేసిన కొలతలుండాలి.

వెంకట్ (కేఆర్ పురం)

నాదింకో చిన్న డౌట్. సగానికి 7.8 గంటలైతే పూర్తిగా K కి 15.6 గంటలా?

పద్మజ (జయనగర్)

K కి ఎప్పటికీ చేరదు, దగ్గరవుతూనే ఉంటుంది. కానీ మీరన్న 15.6 కి ఒక అర్థం ఉంది. అప్పటికి y అనేది 68.27 అవుతుంది, అంటే మిగిలిన ఖాళీ 9.6. మొదలుపెట్టినప్పుడు ఈస్ట్ ఎంతుందో ఇప్పుడు ఖాళీ అంత. P = 655.4. పట్టికలో పదిహేనో గంటకి 651.1, పదహారో గంటకి 655.9. ఆ వక్రరేఖ సగం దగ్గర అటూ ఇటూ సమానంగా ఉంటుంది కాబట్టి ఇలా కుదిరింది.

సుమా, సమాధానంలో ఒక వాక్యం రాయడం మర్చిపోకు. ఈ సూత్రం P0 అనేది K/2 కంటే తక్కువ ఉన్నప్పుడే పనికొచ్చే జవాబిస్తుంది. సగం కంటే ఎక్కువతో మొదలుపెడితే సమయం మైనస్‌లో వస్తుంది, అంటే సగం ఎప్పుడో దాటిపోయిందని. K కంటే ఎక్కువతో మొదలుపెడితే లాగరిథం లోపల మైనస్ పడుతుంది, అప్పుడు P పైనుంచి K కి దిగుతుంది తప్ప సగానికి ఎప్పుడూ రాదు.

సుమ (మారతహళ్లి)

రాస్తాను మేడం. పంతొమ్మిది చుక్కలూ వేసి గ్రాఫు గీస్తున్నాను, వాలు 0.53 దగ్గరే వస్తోంది. 13వ గంట చుక్క మాత్రం రేఖకి పైన పడుతోంది, దాన్ని అలాగే ఉంచాలా?

ల్యాబ్ రవి (బొమ్మసంద్ర)

అలాగే ఉంచమ్మా. చుక్కని తీసెయ్యడానికి కారణం రాయగలిగితేనే తియ్యాలి.